తేనెపట్టులో చిక్కిన తీగముక్క

కబురు మూడో రోజు పొద్దున వచ్చింది. అప్పటికే ఆవుకు నూనె పట్టించారు, వాము కషాయం పోశారు, ఎవరో వచ్చి ఒక సూది కూడా వేసి వెళ్లారు. నేను కొట్టం దగ్గరికి వెళ్లేసరికి ఆ ఇంటావిడ ఖాళీ పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "మొన్న పొద్దున ఆరు లీటర్లు ఇచ్చింది డాక్టరుగారూ. సాయంత్రానికి రెండు కూడా రాలేదు. నిన్నటి నుంచి పూర్తిగా చేపట్లేదు. రాత్రంతా పడుకోలేదు, అలాగే నిలబడే ఉంది" అంది.

ఆమె చెప్పిన నాలుగు మాటల్లో రెండు నాకు చాలా విలువైనవి. పాలు మెల్లమెల్లగా తగ్గలేదు, ఒక్క పూటలో పడిపోయాయి. ఆవు పడుకోవడానికి భయపడుతోంది. అజీర్తి చేసిన ఆవుకు పాలు తగ్గుతాయి, నెమరు ఆగుతుంది, కానీ అది పడుకోవడానికి జంకదు. ఈనిన కొత్తలో కీటోసిస్ వచ్చిన ఆవు ముందు దాణా వదిలేసి వరిగడ్డి కొరుకుతుంది, పాలు కొన్ని రోజుల మీద దిగుతాయి. మూడు రోజుల జ్వరం అయితే కాళ్లు బిగుసుకుని కుంటుతుంది, ఒళ్లు కాలిపోతుంది. ఈ ఆవు నడుము పైకి విల్లులా వంచి, ముందు కాళ్ల మోచేతులను పక్కటెముకలకు ఆనించకుండా బయటికి పెట్టి, మెడ చాచి నిలబడి ఉంది. రొమ్ము వెనక ఏదో గుచ్చుకుంటుంటే దాని మీద బరువు పడకుండా కాచుకునే తీరు అది.

పక్కింట్లో రెండు నెలలుగా ఇల్లు కడుతున్నారు. స్లాబుకు ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్కలు దారంతా పడి ఉన్నాయి. ఆ స్థలంలో కోసిన గడ్డే చాఫ్ కట్టర్‌లో వేసి ఆవుకు పెడుతున్నారు.

ఆవు నోట్లో ఒక తీగముక్క ఎందుకు దొరికిపోదన్నది ముందు చెప్పుకోవాలి. మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ముళ్లకంప మధ్య ఉన్న ఆకును కూడా విడిగా తుంచుకోగలదు. అందుకే మేకల్లో ఈ జబ్బు అరుదు. ఆవు, గేదె అలా తినవు. నాలుకను బయటికి చాచి, గడ్డిపరకల చుట్టూ కొడవలిలా తిప్పి, ఒక్క లాగులో లోపలికి తీసుకుంటాయి. నాలుక మీదా బుగ్గల లోపలా ఉన్న గట్టి ముళ్లలాంటి బుడిపెలు గొంతువైపుకే వాలి ఉంటాయి. నోట్లోకి వచ్చింది వెనక్కి జారడమే తప్ప ముందుకు రావడం కష్టం. పైగా మొదటిసారి తినేటప్పుడు ఆవు నాలుగు నములు నమిలి మింగేస్తుంది. అసలు నమలడం తర్వాత నెమరులో జరుగుతుంది. నెమరుకు పైకి వచ్చేది తేలికైన మేత. ఇనుము బరువుకు అడుగుననే ఉండిపోతుంది కాబట్టి దాన్ని ఉమ్మేసే రెండో అవకాశం ఆవుకు ఎప్పటికీ రాదు.

ఆ అడుగు ఎక్కడన్నదే ఈ జబ్బుకు కీలకం. పెద్ద ఆవులో మొదటి పొట్ట, అంటే రుమెన్, వంద లీటర్లకు పైగా పట్టే గోలెం లాంటిది. దానికి ముందు, కింద, ఫుట్‌బాల్ అంత రెండో పొట్ట వేలాడుతూ ఉంటుంది. దీన్ని రెటిక్యులం అంటారు. దాని లోపలి గోడ అచ్చం తేనెపట్టు. ఆరు పలకల గదులు, గదుల మధ్య ఎత్తైన గట్లు. మింగిన మేకు ముందు రుమెన్‌లో పడినా, పొట్టల కదలికతో కొంతసేపటికి ఈ తేనెపట్టులోకి చేరుతుంది. ఒక గదిలో మొన దిగిందంటే, గట్టు దాన్ని పట్టి నిలబెడుతుంది.

అంతవరకూ ప్రమాదం లేదు. మొద్దు బోల్టులు, నాణేలు, గుండ్రటి నట్లు ఏళ్ల తరబడి ఆ గదుల్లో ఊరికే పడి ఉంటాయి. పోస్టుమార్టంలో గుప్పెడు ఇనుము దొరికిన ఆవు చనిపోయింది వేరే జబ్బుతో కావచ్చు. చిక్కంతా మొన ఉన్న సన్నటి, నిటారు ముక్కతోనే. రెటిక్యులం సుమారు నిమిషానికి ఒకసారి గట్టిగా ముడుచుకుంటుంది. ఆ ముడుపులో ముందు గోడ, వెనక గోడ దాదాపు కలుసుకుంటాయి. మధ్యలో నిలువుగా ఉన్న తీగ ఒక గోడకు ఆని రెండో గోడలోకి దిగక తప్పదు. రోజుకు పధ్నాలుగు వందల సార్లు ఎవరో సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తున్నట్టు ఉంటుంది. చూడి ఆవులో పెరుగుతున్న గర్భం పొట్టలను ముందుకు నెడుతుంది, ఈనేటప్పుడు ముక్కే ముక్కు ఇంకా గట్టిగా నెడుతుంది. ఎన్నాళ్లుగానో కదలకుండా ఉన్న మేకు నిండుచూడి నాడో ఈనిన వారంలోనో బయటపడడం అందుకే.

తీగ గోడ దాటి బయటికి వస్తే ఏం తగులుతుందో ఆవు ఒంటి అమరిక నిర్ణయిస్తుంది. రెటిక్యులం ముందు ఉదరవితానం, అంటే ఊపిరికి సాయపడే కండర పొర ఉంది. దానికి అవతల కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే గుండె, దాని చుట్టూ ఉన్న సంచి. కుడివైపు కాలేయం, ఎడమవైపు ప్లీహం. తీగ మోసుకెళ్లేది మొన ఒక్కటే కాదు, పొట్టలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులను కూడా. మొదట పొట్ట పైపొరకు వాపు వస్తుంది. నేను చూసిన ఆవు ఆ దశలో ఉంది.

జ్వరం 103.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది, అంటే మోస్తరే. గుండె నిమిషానికి 84 సార్లు కొట్టుకుంటోంది. పేడ గట్టిగా, కొద్దికొద్దిగా పడుతోంది. ఎడమ డొక్క మీద చెవి పెడితే రుమెన్ చప్పుడు మందంగా, ఎప్పుడో ఒకసారి వినిపిస్తోంది. ఈ లక్షణాల్లో ఏ ఒక్కటీ తనంతట తాను జబ్బును తేల్చి చెప్పదు. అందుకే నొప్పి ఎక్కడుందో ఆవునే అడగాలి.

అడిగే పద్ధతులు రెండు ఉన్నాయి, రెండింటికీ యంత్రాలు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న ఆవు మూపు మీద చర్మాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కితే అది నడుము కిందికి దించుతుంది. రొమ్ము వెనక నొప్పి ఉన్న ఆవు దించదు, దించబోయి మూలుగుతుంది. రెండోది కర్ర పరీక్ష. బలమైన వెదురు బొంగును ఆవు పొట్ట కింద అడ్డంగా పెట్టి ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు. రొమ్ము ఎముక చివర నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా పైకి ఎత్తి చటుక్కున వదులుతూ, ఒక్కో బెత్తెడు వెనక్కి జరుపుతారు. నేను గొంతు గొట్టం మీద స్టెతస్కోపు పెట్టి వింటాను, ఎందుకంటే ఆ మూలుగు చాలాసార్లు బయటికి వినిపించదు. ఆవు ఊపిరి పీల్చడం పూర్తయ్యే క్షణాన కర్ర ఎత్తితే తేడా బాగా తెలుస్తుంది. పొదుగువైపు ఎత్తినప్పుడు ఈ ఆవు ఏమీ అనలేదు. రొమ్ము ఎముక వెనక ఎత్తినప్పుడు మూడుసార్లకు మూడుసార్లూ మూలిగింది.

ఈ పరీక్షలకు ఒక గడువు ఉంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. నొప్పి మొదటి రెండు మూడు రోజుల్లో స్పష్టంగా ఉంటుంది. ఆ తర్వాత తీగ చుట్టూ జిగురులాంటి పదార్థం చేరి పొరలు అతుక్కుంటాయి. ఆవు మూలగడం మానేస్తుంది, కొంచెం మేస్తుంది. ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు. తీగ మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. గేదెల్లో మొదటి రోజు కూడా ఈ సంకేతాలు అంత తేటగా ఉండవు, అవి నొప్పిని చాలా ఓర్చుకుంటాయి. అనుమానం తీరనప్పుడు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయిస్తే ఇనుము తెల్లగా కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో ఇనుము అంత బాగా కనిపించదు గానీ రెటిక్యులం ఎలా కదులుతోందో, దాని చుట్టూ చీము చేరిందో లేదో తెలుస్తుంది. చేతి పరికరంగా వాడే మెటల్ డిటెక్టర్ "టిక్కు" మన్నంత మాత్రాన సరిపోదు. లోపల ఇనుము ఉందని అది చెబుతుంది, గుచ్చుకుందని చెప్పలేదు.

ఆ ఇంటావిడ అడిగింది, "ఆపరేషన్ తప్పదా?" అని. మొదటి మూడు రోజుల్లో దొరికిన కేసులో తప్పించుకునే అవకాశం ఉంది. తీగ గోడలో సగం దిగి, సగం లోపలే ఉంటే దాన్ని వెనక్కి రప్పించవచ్చు. రప్పించే పనికి మూడు సాధనాలు.

ఒకటి అయస్కాంతం. వేలంత లావు, ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, అంచులన్నీ నున్నగా గుండ్రంగా ఉండే కడ్డీ. అల్నికో అనే మిశ్రలోహంతో చేసేవి ఉన్నాయి, ప్లాస్టిక్ పంజరంలో ఫెరైట్ అయస్కాంతాన్ని బిగించినవీ ఉన్నాయి. మాత్రలు వేసే గొట్టంతో నాలుక మొదలు దాటించి వదిలితే ఆవు మింగుతుంది. రెండోది ఇంట్లోనే చేసుకునే ఏటవాలు. చెక్కలు పరిచి, మట్టి పోసి, ముందు కాళ్లు వెనక కాళ్ల కంటే జానెడు ఎత్తులో ఉండేలా ఆవును కట్టేయాలి, కదలనివ్వకూడదు. పొట్టల బరువు వెనక్కి జారితే తీగ మీద ముందుకు తోసే ఒత్తిడి తగ్గుతుంది. మూడోది పశువైద్యుడు ఇచ్చే యాంటీబయాటిక్, కనీసం నాలుగైదు రోజులు. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత మందు చీటీ మీద రాసిన గడువు వరకూ పాలు అమ్మకూడదు. మేత సగానికి తగ్గించాలి.

చేయకూడనిది ఒకటుంది, అది నేను వెళ్లకముందే ఆ కొట్టంలో జరిగిపోయింది. మేత మానిన పశువుకు పొట్ట కదిలించే పొడులు, సూదులు ఇవ్వడం మనకు అలవాటు. అజీర్తికి అవి మేలు చేస్తాయి. ఇక్కడ పొట్ట ఎంత గట్టిగా కదిలితే తీగ అంత లోతుకు దిగుతుంది. తల ఎత్తిపట్టి నూనె పట్టించడంలో ఇంకో అపాయం ఉంది. నొప్పితో మూలిగే ఆవు మింగలేక పీల్చుకుంటే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇలా చికిత్స మొదలుపెట్టాక మూడు రోజులు చూస్తాం. జ్వరం దిగి, ఆవు నెమరు వేసి, పాలు కొద్దిగా అయినా ఎగబాకితే తీగ వెనక్కి వచ్చిందని నమ్మవచ్చు. ఇంకో రెండు వారాలు ఆ ఏటవాలు మీదే ఉంచితే చాలు. మా ఆవుకు అలా జరగలేదు. రెండో రోజు కొంచెం గడ్డి కొరికింది. మూడో రోజు మళ్లీ మానేసింది. నాలుగో రోజు పొద్దున జ్వరం 103 దగ్గరే ఉంది, పాలు అర లీటరు వచ్చాయి. ఇంకా ఆగడం ఆవుకు మంచిది కాదని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది.

రుమెన్ కోసి తీగ తీసే ఈ ఆపరేషన్ ఆవు నిలబడి ఉండగానే చేస్తారు. పడుకోబెడితే పొట్ట ఉబ్బి ఊపిరాడదు, కోతలోంచి లోపలి మేత పొంగుతుంది. ఎడమ డొక్కలో వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, ఆ భాగానికే మత్తు ఇస్తాం. చర్మం, కండరాలు కోయగానే రుమెన్ గోడ కనిపిస్తుంది. దాన్ని వెంటనే కోయకూడదు. ముందు దాని అంచును చర్మానికి చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాలి. ఓపిక పరీక్షించే పని ఇది, కానీ ఆపరేషన్‌లో అతి ముఖ్యమైన అరగంట ఇదే. రుమెన్‌లోని పులిసిన నీరు ఒక్క దోసెడు పొట్ట కుహరంలోకి జారినా, మేకు చేయలేని హాని అది చేస్తుంది.

తర్వాత రుమెన్ కోసి, భుజం దాకా తొడుగు వేసుకున్న చేయి లోపలికి పోనిస్తాం. పైనున్న మేత కొంత చేతులతో తోడి బయట వేయాలి. చేతిని ముందుకు, కిందికి పోనిస్తే గడపలాంటి మడత తగులుతుంది. ఆ గడప దాటగానే వేళ్ల కింద తేనెపట్టు. అక్కడ చూపు ఉండదు, అంతా స్పర్శే. రెటిక్యులం గోడను పట్టి మెల్లగా వెనక్కి లాగితే మామూలుగా సులభంగా రావాలి. ఈ ఆవులో ముందువైపు గోడ ఒకచోట రాలేదు, అతుక్కుపోయింది. అక్కడే గది తర్వాత గది వేలితో తడిమాను. ఒక గట్టు పక్కన ముల్లులా ఏదో గుచ్చుకుంది. అది తీగ వెనక కొస, గోరంత మాత్రమే లోపల మిగిలి ఉంది. వచ్చిన దారినే, నిటారుగా వెనక్కి లాగితే ఆరు సెంటీమీటర్ల బైండింగ్ వైరు బయటికొచ్చింది. ఒక కొస కోసినట్టు ఏటవాలుగా పదునుగా ఉంది. ఆ పదును పెట్టింది చాఫ్ కట్టర్ కత్తి. మూరెడు తీగ అలాగే ఉంటే ఆవు నాలుకకో మనిషి కంటికో దొరికేదేమో. కత్తి దాన్ని మింగడానికి సరిపోయే మొనదేలిన ముక్కలు చేసింది.

అదే తేనెపట్టు అడుగున నేను నాలుగు రోజుల కిందట వేసిన అయస్కాంతం కూడా చేతికి వచ్చింది. దానికి రెండు చిన్న మేకులు, ఒక విరిగిన కుట్టుసూది, ఇనుప రజను అంటుకుని ఉన్నాయి. తన పని తాను చేసింది. కానీ తీగ అప్పటికే గోడ దాటి అవతలి పొరలో పాతుకుపోయింది, దాన్ని వెనక్కి లాగే బలం ఏ అయస్కాంతానికీ ఉండదు. కడిగి మళ్లీ రెటిక్యులంలోనే పెట్టాను. తీగ చేసిన సన్నటి రంధ్రాన్ని కుట్టనక్కర్లేదు, అది తనంతట తానే మూసుకుంటుంది. రుమెన్ రెండు వరసల్లో కుట్టి, కండరాలు, చర్మం కుట్టి ముగించాం. ఆరోగ్యంగా ఉన్న మరో ఆవు నెమరు నీరు కొంత ఈ ఆవుకు పట్టిస్తే పొట్టలోని మేలుచేసే జీవులు త్వరగా నిలదొక్కుకుంటాయి. ఐదో రోజున ఆవు దాణా కోసం తల విసిరింది. కుట్లు తీసిన రెండు వారాలకు పూటకు నాలుగున్నర లీటర్లు ఇస్తోంది. ఆరుకు మళ్లీ ఆ ఈతలో చేరలేదు.

ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడం నాకు ఇష్టమైన పని కాదు, కానీ దాచకూడదు. తీగ గుండె సంచిని చేరాక లక్షణాలు వేరు. మెడ పక్క నరం తాడులా ఉబ్బి, గంగడోలులోనూ రొమ్ము కిందా నీరు దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. గుండె వంద దాటి కొట్టుకుంటుంది, కానీ చప్పుడు దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కొన్నిసార్లు సగం నిండిన బిందె ఊపినట్టు లోపల నీరు చిలికిన శబ్దం వస్తుంది. సంచి నిండా చీము చేరి గుండె విచ్చుకోలేకపోతోందన్నమాట. ఆ దశలో పక్కటెముక తీసి చీము వంచే ఆపరేషన్లు ఉన్నా బతికేవి బహు తక్కువ. గంగడోలు వాచిన గేదెను తీసుకొచ్చి, ఒంట్లో వేడి చేసి నీరు పట్టిందని చెప్పేవాళ్లు చాలామంది. ఎన్నాళ్ల కిందట మేత మానిందని అడిగితే మూడు వారాల కిందటి మాట ఒకటి బయటపడుతుంది. గేదెల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. తీగ గుచ్చి బలహీనపడ్డ ఉదరవితానం చిరిగితే ఆ చిరుగులోంచి రెటిక్యులమే ఛాతీలోకి జారుతుంది. మాటిమాటికీ పొట్ట ఉబ్బే గేదెలో ఈ అనుమానం పెట్టుకోవాలి. దానికి రెండు విడతల ఆపరేషన్ చేయాలి, పెద్ద ఆసుపత్రిలోనే అవుతుంది.

ఇదంతా తప్పించేది ఆ కడ్డీ అయస్కాంతమే, కాకపోతే జబ్బు రాకముందు వేయాలి. పడ్డ కట్టడానికి వచ్చే వయసులో, ఏడాది దాటాక, ఒక్కసారి వేస్తే చాలు. బరువుకు రెటిక్యులంలోనే కూర్చుని దాదాపు జీవితాంతం ఉంటుంది. తర్వాత మింగిన ప్రతి మేకూ మొన దిగేలోపు దానికి పక్కవాటుగా అంటుకుంటుంది. నిటారుగా నిలబడలేని మేకు గుచ్చుకోలేదు, అంతే దాని కిటుకు. వేసే ముందు ఒక పూట మేత ఆపితే నేరుగా రెటిక్యులంలో పడే అవకాశం ఎక్కువ. ఒక పశువుకు ఒక్కటే వేయాలి.

దానికి హద్దులూ ఉన్నాయి. రాగి తీగ, అల్యూమినియం, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు దానికి అంటవు. కరెంటు పనివాళ్లు వదిలిన రాగి తీగ ముక్కల ముందు అది ఉన్నా లేనట్టే. పాత స్పీకర్లలోని గుండ్రటి అయస్కాంతం పగలగొట్టి మింగించడం అసలు కూడదు. పెంకులా విరిగే ఆ ముక్కల అంచులు మేకు కంటే తక్కువ కావు. అదే స్పీకర్ అయస్కాంతానికి పశువు బయట మంచి పని ఉంది. తాడు కట్టి కొట్టం చుట్టూ, గడ్డివాము కింద, పక్కింటి పని జరిగిన చోట నేల మీద ఈడ్చితే ఎంత ఇనుము లేస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. చాఫ్ కట్టర్‌లోంచి గడ్డి పడే చోట ఒకటి బిగిస్తే ఇంకా మేలు. కుడితి తొట్టిలోకి పోయే గిన్నెనూ ఒకసారి చూసుకోవాలి. పూలదండల గుండుసూదులు, విస్తళ్ల పిన్నులు, గోనెసంచి కుట్టిన దబ్బనం అన్నీ ఆ దారినే పోతాయి. సైలేజీ గుంటల మీద బరువుకు పెట్టే పాత టైర్లు చీకిపోయాక వాటి లోపలి ఉక్కు తీగలు ఊడి మేతలో కలుస్తాయి. ఖనిజ లవణాలు చాలని పశువు మట్టి, గోడ, ఇనుము నాకుతుంది కాబట్టి లవణ మిశ్రమం తప్పకుండా పెట్టాలి.

ఆ ఇంట్లో ఇంకో పడ్డ ఉంది, పదహారు నెలలది. కుట్లు తీయడానికి వెళ్లిన రోజున దానికి కూడా అయస్కాంతం మింగించాను. అంతకు ముందు మోచేతి వెనక, రొమ్ముకు ఎడమవైపు చిన్న దిక్సూచి పెట్టి చూపించాను, ముల్లు ఉత్తరం వైపే నిలకడగా ఉంది. మర్నాడు పొద్దున ఆవిడే ఆ దిక్సూచి అడిగి తీసుకుని పడ్డ పక్కన కూర్చుంది. ముల్లు గిర్రున తిరిగి పడ్డ రొమ్ము వైపు మళ్లింది. పాలగిన్నె కింద పెట్టి, పెద్దావు దగ్గరికి వెళ్లి అక్కడా పెట్టి చూసింది.